మాట తెగకుండా దిద్దుబాటు
(ఒక హిందీ ప్రచారకుని స్మృతిలో చేసిన ఉపన్యాసం పూర్తి పాఠం)

 

1918లో మద్రాసులో మొదలైన హిందీ ప్రచార ఉద్యమం మన ఊళ్లకు ఎందరో ప్రచారకులను ఇచ్చింది. పగలు బడిలో పాఠం, సాయంత్రం అరుగు మీద ఉచితంగా హిందీ. మనం ఇవాళ తలచుకుంటున్న మాస్టారు ఆ తరం చివరి వాళ్లలో ఒకరు. ఆయన శిష్యులు పరీక్షలు బాగానే పాసయ్యేవారు. ఆయన దిగులు మరోటి. విశారద పాసైన మనిషి నాగపూర్ స్టేషన్‌లో రైలు దిగి, ప్లాట్‌ఫారం ఏదని అడగడానికి తటపటాయిస్తాడు. వ్యాకరణం అంతా తెలుసు, నోరు తెరిస్తే తప్పు దొర్లుతుందన్న భయమూ ఉంది. అందుకని పరీక్షల క్లాసు ముగిశాక మరో క్లాసు పెట్టేవారు. పుస్తకం ఉండదు, కబుర్లే. ఆ కబుర్లలో ఆయన తప్పులు ఎలా దిద్దేవారో, దిద్దించుకునేవాడి వైపు నుంచి ఆ పని ఎలా సాగాలో ఇవాళ మాట్లాడతాను. హిందీ నేర్చుకునే తెలుగువాళ్ల విషయానికే పరిమితమవుతాను. నాకు దగ్గరగా తెలిసింది అదే.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. మామూలు సంభాషణలో ఎదుటివాళ్లు మన తప్పు దిద్దరు. ఇది మొహమాటం ఒక్కటే కాదు, సంభాషణ నడిచే తీరే అంత. షెగ్లాఫ్, జెఫర్సన్, సాక్స్ అనే ముగ్గురు పరిశోధకులు సహజమైన మాటల రికార్డింగులను వాక్యం వాక్యం పరిశీలించి 1977లో ఒక వ్యాసం ప్రచురించారు. మాటలో ఏదైనా పొరపాటు దొర్లినప్పుడు, దాన్ని సరిచేసుకునే మొదటి అవకాశం మాట్లాడుతున్న వ్యక్తికే దక్కుతుందనీ, ఎదుటివాళ్లు కాస్త ఆగుతారనీ, నేరుగా దిద్దడం చాలా అరుదనీ అందులో చూపించారు. తల్లిభాష మాట్లాడుకునే వాళ్ల మధ్యే ఇలా ఉంటే, పరాయి భాషలో తడబడుతున్న పెద్దమనిషిని పక్కింటివాళ్లు ఎందుకు దిద్దుతారు? అర్థమైతే చాలనుకుని ముందుకు పోతారు. అందుకే భోపాల్‌లోనో రాయపూర్‌లోనో పదేళ్లు ఉండి వచ్చినవాళ్లు కూడా ధారాళంగా మాట్లాడుతూనే, మొదటి ఏడాది చేసిన తప్పులన్నీ అలాగే చేస్తుంటారు.

మరి అడిగితే? ‘నేను తప్పు మాట్లాడితే దిద్దండి’ అని చాలామంది అడుగుతారు. ఆ మాటకు రెండే ఫలితాలు చూశాను. ఎదుటి మనిషి మెత్తనివాడైతే రెండు రోజులు దిద్ది మానేస్తాడు. ఉత్సాహవంతుడైతే ప్రతి మాటకీ అడ్డు తగులుతాడు. ఒక వాక్యంలోనే లింగం తప్పు, ఉచ్చారణ తప్పు, మర్యాద తప్పు అని మూడు చోట్ల ఆపితే, మనం చెప్పబోయిన కబురు ఎటో పోతుంది. వారం తిరిగేసరికి మనమే ఆ మనిషిని తప్పించుకు తిరుగుతాం. దిద్దమని అడగడంలో లోపం లేదు. ఏది దిద్దాలో, ఎప్పుడు దిద్దాలో, ఎలా దిద్దాలో చెప్పకపోవడంలోనే చిక్కంతా ఉంది.

ఇక మూడో రకం దిద్దుబాటు ఉంది. మనకు అది దిద్దుబాటని కూడా తెలియదు. మనం ‘మై రోటీ ఖాయా’ అంటాం. ఎదుటామె నవ్వుతూ ‘అచ్ఛా, ఆప్‌నే రోటీ ఖాయీ’ అంటుంది. మనం ‘హా, హా’ అని తలూపి కూర విషయంలోకి వెళతాం. ఆమె దిద్దింది. మనం మాత్రం సమాధానం విన్నామనుకున్నాం. లిస్టర్, రాంటా అనే ఇద్దరు 1997లో ప్రచురించిన పరిశీలన ఇక్కడ పనికొస్తుంది. మాంట్రియల్ ప్రాంతంలో ఫ్రెంచిలోనే పాఠాలు చెప్పే తరగతులను వాళ్లు రికార్డు చేశారు. పంతుళ్లు దిద్దిన సందర్భాల్లో సగానికి పైగా ఇలా సరైన రూపాన్ని మెల్లగా తిరిగి పలికినవే. అలా పలికినప్పుడు పిల్లలు తమ మాట సరిచేసుకున్నది నూటికి 18 సార్లే. పంతులు జవాబు చెప్పకుండా ఆగి, పిల్లల చేతే చెప్పించబోయినప్పుడు నూటికి 46 సార్లు సరిచేసుకున్నారు. ఆ క్షణంలో సరిగా పలికినంత మాత్రాన నేర్చుకున్నట్టు కాదని వెంటనే చెప్పాలి. అయినా, దిద్దినట్టు తెలియని దిద్దుబాటు చెవిలోంచి జారిపోతుందని మాత్రం ఇందులో కనిపిస్తోంది. 2000లో మాకీ, గాస్, మెక్‌డొనా అనే వాళ్లు అభ్యాసకులకు వాళ్ల సంభాషణ వీడియోనే చూపించి, ఆ సమయంలో ఏమనుకున్నారని అడిగారు. మాటల గురించి, ఉచ్చారణ గురించి దిద్దినప్పుడు అభ్యాసకులు చాలావరకు గుర్తుపట్టారు. వ్యాకరణం గురించి దిద్దినప్పుడు అది వ్యాకరణం గురించేనని ఎక్కువసార్లు గ్రహించలేదు. మన హిందీ తప్పుల్లో మొండివన్నీ ఈ జాతివే.

మాస్టారు ఈ వ్యాసాలు చదివారని నేను అనను. కానీ ఆయన మాటల క్లాసులో బల్ల మీద ఒక గిన్నె నిండా చింతపిక్కలు ఉండేవి. కబుర్లు మొదలుపెట్టే ముందే ‘ఇవాళ నే’ అనో, ‘ఇవాళ కా, కీ’ అనో ప్రకటించేవారు. ఆ ఒక్క విషయంలో తప్పు వస్తే చడీచప్పుడు లేకుండా ఒక పిక్క తీసి మాట్లాడుతున్న వాడి ముందు పెట్టేవారు. నోరు విప్పేవారు కాదు. ఆ వాక్యాన్ని వాడే సరిచేసి పూర్తిగా మళ్లీ చెప్పి, కబురు కొనసాగించాలి. ఇంకే తప్పు వచ్చినా ఆయన ముఖంలో చలనం ఉండేది కాదు. ఆ నిశ్చలత్వానికి ఎంత సాధన కావాలో, నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టాకే తెలిసింది.

ఈ పద్ధతి ఇంటి దగ్గర, పెద్దవాళ్ల మధ్య ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణతో వివరంగా చెబుతాను. కోనసీమ నుంచి భోపాల్‌కు బదిలీ అయిన ఒక బ్యాంకు ఉద్యోగిని కథ ఇది. ఆమె అనుమతితోనే చెబుతున్నాను, పేరు మాత్రం చెప్పను. కౌంటర్లో ఖాతాదారులతో ఎలాగో నెట్టుకొచ్చేది. పక్కింట్లో రిటైరైన స్కూలు టీచరమ్మ ఉండేది, ఈమె ఆమెను ‘ఆంటీజీ’ అనేది. ఇద్దరికీ సాయంత్రం టీ అలవాటు. అక్కడ హిందీ అభ్యాసం చేద్దామనుకుని నన్ను సలహా అడిగింది.

మొదటి పని, దేన్ని దిద్దించుకోవాలో తేల్చుకోవడం. అంతకుముందు రోజు ఏం చేసిందో అయిదు నిమిషాలు చెప్పి ఫోనులో రికార్డు చేసుకుంది. ఉన్నదున్నట్టు కాగితం మీద రాసింది. రాస్తుంటేనే కొన్ని తప్పులు తనకే కనబడ్డాయి. ఇది కీలకం. కాగితం మీద చూసి మనమే పట్టుకోగల తప్పు, తెలిసి కూడా నోటికి రానిది. దానికి సైగ చాలు. కాగితం మీద చూసినా తప్పని తోచనిది, మనకు అసలు తెలియని విషయం. దానికి సైగ చేస్తే అయోమయమే మిగులుతుంది, ఎవరైనా చెప్పాలి. ఆమె కాగితంలో మొదటి రకం తప్పులు ఎక్కువగా ఒకేచోట పడ్డాయి. ‘కల్ మై బాజార్ గయీ, దో కిలో ఆలూ ఖరీదీ, ఫిర్ ఖానా బనాయీ.’

ఇందులో ఏముందో చూడండి. తెలుగులో క్రియ ఎప్పుడూ చేసినవాళ్లను బట్టే మారుతుంది. కొన్నాను, కొన్నాడు, కొన్నది. ఏం కొన్నామన్నది క్రియకు పట్టదు. హిందీలో జరిగిపోయిన పని, దానికి కర్మ ఉంటే, చేసినవాళ్ల పక్కన ‘నే’ చేరుతుంది, క్రియ కర్మ వైపు తిరుగుతుంది. ‘మైనే దో కిలో ఆలూ ఖరీదే, ఫిర్ ఖానా బనాయా.’ ఆలూ పుంలింగం, బహువచనం కాబట్టి ‘ఖరీదే’. ఖానా పుంలింగం, ఏకవచనం కాబట్టి ‘బనాయా’. ఆమె మాత్రం తాను స్త్రీ కాబట్టి అన్ని చోట్లా ‘ఈ’ చేర్చింది. ఆమెలోని తెలుగు చేసిన పని అది. ‘గయీ’ ఒక్కటే సరైనది, వెళ్లడానికి కర్మ లేదు కనుక.

రెండు తప్పులు కలిసి ఉన్నాయి, ‘నే’ లేకపోవడం ఒకటి, క్రియ తప్పుగా తిరగడం రెండోది. ఆమె ‘నే’ని మాత్రమే ఎంచుకుంది. ఆంటీజీతో ఒప్పందం ఇలా చేసుకుంది: ‘ఆజ్ సిర్ఫ్ నే పర్ ధ్యాన్ దీజియే. గల్తీ హో తో ఉంగ్లీ ఉఠాయియే, జవాబ్ మత్ బతాయియే. బాకీ సబ్ జానే దీజియే.’ ఇవాళ ‘నే’ని మాత్రం గమనించండి, తప్పు వస్తే వేలు ఎత్తండి, జవాబు చెప్పకండి, మిగిలినవన్నీ వదిలేయండి. నాలుగు ముక్కలు. ఇందులో చివరి ముక్కే ఆంటీజీకి కష్టమైంది. టీచరు కదా, ‘ఖరీదీ’ అని వినబడగానే పెదవి కదిలేది. రెండు మూడు సాయంత్రాలకు అలవాటు పడింది.

సమయం ఇరవై నిమిషాలు, అంతకు మించి కాదు. మొదటి అయిదు నిమిషాలు వేలు లేదు, స్వేచ్ఛగా కబుర్లు. తర్వాత పది నిమిషాలు వేలుతో. చివరి అయిదు నిమిషాల్లో వేలు ఎత్తిన పది నిమిషాల్లో చెప్పిన కబురే మళ్లీ మొదటి నుంచి, ఈసారి ఎవరూ ఆపకుండా, వేగంగా. ఈ చివరి అంకం లేకుండా లేవకూడదని నా పట్టుదల. దిద్దుబాటు మధ్యలో మాట సహజంగానే నెమ్మదిస్తుంది, మనసు రూపం మీదికి పోతుంది. అదే ఆఖరి అనుభవంగా లేచిపోతే, హిందీ అంటే తడబాటే గుర్తుంటుంది. భాషాబోధనలో ఒకే విషయాన్ని మొదట నాలుగు నిమిషాలు, తర్వాత మూడు, తర్వాత రెండు నిమిషాల్లో వేర్వేరు శ్రోతలకు చెప్పించే అభ్యాసం ఉంది. పాల్ నేషన్ దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. విషయం పాతదే కావడంతో ఏం చెప్పాలన్న వెతుకులాట తగ్గి, నోరు సాగుతుంది. ఇద్దరే ఉన్నచోట చివరి అయిదు నిమిషాలు ఆ పని చేస్తాయి.

వేలు లేచినప్పుడు ఏం చేయాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. వాక్యం మొదలు నుంచి మళ్లీ చెప్పి, ఆగకుండా తర్వాతి వాక్యంలోకి వెళ్లడమే. ‘మైనే’ అని ఒక్క ముక్క అతికించి పోవద్దు, ఎందుకంటే నోటికి అలవాటు కావలసింది వాక్యం మొత్తం. ‘సారీ’ వద్దు. ‘అయ్యో, నాకు తెలుసు ఆంటీజీ, తొందరలో అలా వచ్చింది’ అన్న సంజాయిషీ అసలే వద్దు. నేను చూసినంతలో, దిద్దేవాళ్లు నీరుగారిపోయేది ఈ సంజాయిషీల వల్లే. ప్రతి వేలుకీ ఒక క్షమాపణ వస్తుంటే, తాము ఎదుటివాళ్లను బాధపెడుతున్నామని వాళ్లకు తోస్తుంది. వేలు ఎత్తడం తగ్గిపోతుంది. అయిదారు సెకన్లు ఆలోచించినా సరైన రూపం తట్టకపోతే, ‘ఆప్ బతాయియే’ అని అడగాలి. జవాబు అప్పుడు చెబుతారు, మనం పలికి సాగిపోతాం.

మొదటి వారం చివర ఆమె సంతోషంగా ఫోను చేసింది, వేలు లేవడం దాదాపు ఆగిపోయిందని. రికార్డింగు పంపమన్నాను. విని చూస్తే, ‘నే’ తప్పులు లేవు. ‘నే’ కూడా లేదు. తనకు తెలియకుండానే ఆమె నిన్నటి కబుర్లు మానేసి, రోజూ ఏం చేస్తుందో చెప్పడం మొదలుపెట్టింది. ‘మై బాజార్ జాతీ హూ, ఖానా బనాతీ హూ.’ ఈ కాలంలో ‘నే’ అవసరం రాదు. కష్టమైన చోటును మనసు ఇలా పక్కదారి పట్టిస్తుంది. జాక్లిన్ షాక్టర్ 1974లోనే ఇలాంటిది చూపించారు. ఇంగ్లిషు నేర్చుకునే చైనీయులు, జపనీయులు ఒక రకం వాక్యాల్లో తక్కువ తప్పులు చేయడానికి కారణం, ఆ వాక్యాలను వాళ్లు తక్కువగా వాడటమేనట. కాబట్టి తప్పులు లెక్కపెడితే చాలదు. ‘నే’ రావలసిన చోట్లు ఎన్ని వచ్చాయో, వాటిలో ఎన్నిచోట్ల పలికామో, రెండూ లెక్కపెట్టాలి. మొదటి అంకె పడిపోతుంటే, దిద్దుబాటు మనల్ని భయపెడుతోందని గుర్తు. మందు తేలిక. తప్పించుకోలేని విషయం ఇవ్వాలి. ఆంటీజీ ఆ తర్వాత రోజూ ఒకటే అడిగేది, ‘కల్ క్యా క్యా కియా, సుబహ్ సే బతావో.’ నిన్న పొద్దుటి నుంచి ఏమేం చేశావో చెప్పు.

మూడో వారంలో ఇంకో మలుపు. ఇప్పుడు ‘నే’ ధారాళంగా వస్తోంది, రాకూడని చోట కూడా. ‘మైనే బాజార్ గయీ.’ ‘మైనే దూధ్ లాయీ.’ ‘మైనే భూల్ గయీ.’ ఆంటీజీ కంగారు పడింది. ఇన్నాళ్లూ సరిగ్గా అన్న ‘మై గయీ’ కూడా చెడిపోయింది కదా. నిజానికి ఇది మంచి సంకేతం. ఇంతకాలం ఆమె ‘నే’ని గుర్తొచ్చినప్పుడు అతికిస్తోంది, ఇప్పుడు ఆమెలో ఒక సూత్రం పుట్టింది, కాకపోతే దాని హద్దులు ఇంకా తెలియవు. కర్మ లేని క్రియలకు ‘నే’ రాదన్నది ఆమెకు తెలుసు, సైగ సరిపోతుంది. ‘లానా’, ‘భూల్‌నా’లకు కర్మ ఉన్నా ‘నే’ రాదన్నది తెలియదు, చెప్పాలి. నేను ముందు చెప్పిన తేడా ఇక్కడ అక్కరకు వచ్చింది. ఆంటీజీ ‘జానా’కి వేలు ఎత్తింది, ‘లానా’ని కబుర్లు అయ్యాక కూర్చోబెట్టి చెప్పింది.

చెప్పించుకున్నవాటిని రాసుకునే తీరు గురించి ఒక్క మాట. సూత్రాలు రాయవద్దు, వాక్యాలు రాయండి. ఆ సాయంత్రం నిజంగా చెప్పదలచుకుని తప్పుగా చెప్పిన వాక్యం, సరైన రూపంలో. రోజుకు మూడు చాలు. మర్నాడు మొదటి అయిదు నిమిషాల్లో, వేలు లేని సమయంలో, ఆ మూడింటినీ కొత్త సంగతులతో వాడాలి. ‘మై దూధ్ లాయీ’ అని రాసుకుంటే, ‘మై దవాయీ లాయీ’ అని. పుస్తకంలో పేజీలు నింపి ఒకసారి కూడా నోట పలకనివాళ్లను చాలామందిని చూశాను.

మర్యాద తప్పుల సంగతి వేరు, వాటిని ఈ ఒప్పందంలోకి లాగకూడదు. పెద్దామెతో ‘తుమ్ బైఠో’ అన్నా, ఖాతాదారుతో ‘ఆప్ ఆవో’ అన్నా, ఆ రోజు అంశం ఏదైనా సరే, కబురు ముగిసిన వెంటనే చెప్పించుకోవాలి. లింగం తప్పితే ఎవరి మనసూ నొచ్చుకోదు, ఇది అలా కాదు.

ఎవరి చేత దిద్దించుకోకూడదో కూడా చెప్పాలి. ఈమె సహోద్యోగి ఒకతను సదుద్దేశంతోనే కౌంటర్లో, ఖాతాదారు ఎదుటే ఆమె హిందీ దిద్దేవాడు. ఆ క్షణంలో ఆమె పని డబ్బు లెక్క చెప్పడం, హిందీ నేర్చుకోవడం కాదు. రెండు బరువులూ ఒకేసారి పడితే లెక్క కూడా తడబడుతుంది. ఆమె అతనితో మర్యాదగా, ‘నా తప్పులు గుర్తుంచుకోండి, లంచ్‌లో చెప్పండి’ అంది. అతను ఒప్పుకున్నాడు. పని చోట, నలుగురి ముందు, ఫోనులో మాట్లాడేటప్పుడు దిద్దుబాటు వద్దనే హక్కు నేర్చుకునేవాళ్లకు ఉంది.

హైదరాబాదు వాళ్లకు ఇంకో చిక్కు. దక్కనీలో ‘నే’ లేదు. ‘మై రోటీ ఖాయా’ అక్కడ తప్పే కాదు, నాలుగైదు వందల ఏళ్ల వాడుక ఉన్న భాష అది. పాతబస్తీ స్నేహితుడి దగ్గర హిందీ అలవాటు చేసుకున్న మనిషిని భోపాల్ పెద్దామె దిద్దితే, తన హిందీ అంతా తప్పేనా అని చిన్నబోతాడు. అలా చిన్నబోవలసిన పని లేదు. ఏ ఊళ్లో, ఎవరితో మాట్లాడటానికి నేర్చుకుంటున్నామో ముందు నిశ్చయించుకుని, ఆ మాట వాళ్లతోనే దిద్దించుకోవాలి. ఇద్దరు వేర్వేరు హిందీల వాళ్లను ఒకే నెలలో దిద్దమని అడిగితే ధైర్యం పోవడం ఖాయం.

ఎప్పుడు ఆపాలో మాట చెబుతుంది. వాక్యాలు రెండు మూడు ముక్కలకు కుదించుకుపోతున్నా, తెలిసిన హిందీ మాటల చోట ఇంగ్లిషు మాటలు జొరబడుతున్నా, వాక్యం మొదలుపెట్టే ముందే ఎదుటివాళ్ల వేలు వైపు చూపు పోతున్నా, నాలుగైదు రోజులు వేలు పక్కన పెట్టాలి. కబుర్లు మాత్రం మానకూడదు. ఈమెకు బ్యాంకులో ఆడిట్ జరిగిన వారం అలాగే చేయమన్నాను. అలసిన సాయంత్రం దిద్దుబాటు వల్ల లాభం లేదు.

ఆరో వారం రికార్డింగులో కొత్తది వినబడింది. ‘మై, మైనే ఉన్కో బతాయా.’ వేలు లేవకముందే తనే ఆగి సరిచేసుకుంది. ఆంటీజీ దీన్ని తప్పు కింద లెక్కవేయబోతే వద్దన్నాను. ఇందాక చెప్పిన 1977 నాటి వ్యాసం ప్రకారం, తల్లిభాష మాట్లాడుకునేవాళ్లు కూడా తమ మాటను ఇలాగే సరిచేసుకుంటారు. ఇలాంటి స్వయం సవరణలు వేలు లేచిన సందర్భాల కంటే ఎక్కువైన వారం, ‘నే’కి వేలు ఎత్తడం ఆపేశారు. తర్వాత ఎంచుకున్నది, మొదట వదిలేసిన ‘ఖరీదే’, ‘బనాయా’ల సంగతి. అది ఇంత త్వరగా లొంగదని ముందే చెప్పాను. తెలుగులో రోటీకి, దహీకి లింగభేదం లేదు, రెండూ ‘అది’యే. దహీ చివర ‘ఈ’ ఉన్నా హిందీలో పుంలింగం. ఇది సూత్రంతో పట్టుబడదు, ఏ వస్తువుకు ఆ వస్తువు విని పట్టుకోవలసిందే. అందుకని ఈసారి వేలుకు ముందు, వంటింటి వస్తువులు ఇరవై ఎంచుకుని, ప్రతిదాన్నీ ఒక విశేషణంతో కలిపి ఆంటీజీ నోట వినమన్నాను. ఖట్టా దహీ, మీఠీ చాయ్ అని, గరమ్ చాయ్ అని కాదు. ‘గరమ్’ లింగాన్ని బట్టి మారదు కనుక చెవికి ఏమీ చెప్పదు. మారే విశేషణమే కావాలి. పాత ‘నే’ నిలిచిందో లేదో చూడటానికి నెలకోసారి అదే అయిదు నిమిషాల రికార్డింగు ఇప్పటికీ చేస్తోంది.